చలానా మెసేజ్ వచ్చిందా? లింకును చివరి నుంచి చదవండి

ప్రశ్న: మాది బెంగళూరు, కె.ఆర్.పురం. మా కాలేజీలో తల్లిదండ్రులకు, పెద్దవాళ్లకు ఫోన్ మోసాల గురించి అవగాహన కార్యక్రమం పెడుతున్నారు. తెలుగువాళ్ల కోసం పది నిమిషాల ప్రసంగం నన్ను ఇవ్వమన్నారు. రకరకాల మోసాలున్నాయి కదా, ఏది చెప్పాలి, ఎలా చెప్పాలి? ప్రసంగం రాసి ఇవ్వగలరా? — బీకాం విద్యార్థిని

జవాబు: ఒక్క మోసమే తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చెప్పండి. జాబితా చదివితే హాలు దాటేసరికి ఎవరికీ ఏదీ గుర్తుండదు. బండి ఉన్న ప్రతి ఇంటికీ వచ్చే నకిలీ ట్రాఫిక్ చలానా మెసేజ్‌ను నేను ఎంచుకున్నాను. ఇందులో దొంగ లింకూ ఉంది, దొంగ యాప్ కూడా ఉంది. కింద ఉన్న ప్రసంగాన్ని మీ మాటల్లోకి మార్చుకోండి. అందులోని పెద్దాయన మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లోనే ఉంటారు. పేరు చెప్పకుండా వాడుకోమని ఆయనే అన్నారు.

---

అందరికీ నమస్కారం. నెల్లూరు నుంచి కొడుకు దగ్గరకు వచ్చి ఇక్కడ ఉంటున్న ఒక రిటైర్డ్ టీచర్ గారి సంగతి చెబుతాను.

శనివారం ఉదయం ఆయనకు వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ‘మీ బండిపై హెల్మెట్ లేనందుకు 500 రూపాయల చలానా పడింది. ఫొటో చూడడానికి ఈ ఫైల్ తెరవండి’ అని ఉంది. పంపింది కొత్త నంబరు కాదు, ఆయనతో రోజూ వాకింగ్‌కు వచ్చే స్నేహితుడి నంబరు. అందుకే నమ్మారు. అసలు జరిగిందేమిటంటే, ఆ స్నేహితుడి ఫోన్‌లోకి అదే దొంగ యాప్ ముందే దూరి, ఆయన కాంటాక్టులందరికీ మెసేజ్ పంపింది. తెలిసిన నంబరు నుంచి వచ్చినంత మాత్రాన తెలిసిన మనిషే పంపినట్టు కాదు.

ఫైల్ పేరు `RTO_Challan.apk`. పేరులో ముందున్న మాటలు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. మనం చూడాల్సింది చివర ఉన్న `.apk`. ఫొటో అయితే చివర `.jpg` అని ఉంటుంది, కాగితం అయితే `.pdf` అని ఉంటుంది. `.apk` అంటే అది ఫొటో కాదు, కాగితం కాదు, ఫోన్‌లోకి ఎక్కే యాప్. ఏ పోలీసులూ, ఏ బ్యాంకూ, ఏ కరెంటు ఆఫీసూ వాట్సాప్‌లో యాప్ పంపరు. పెళ్లి శుభలేఖ కూడా `.apk`గా రాదు. వచ్చిందంటే అది శుభలేఖ కాదు.

ఇప్పుడు ఒక ముఖ్యమైన మాట. ఇలాంటి ఫైల్‌ను తాకగానే డబ్బు పోలేదు. మధ్యలో మూడు గడపలున్నాయి. టీచర్ గారు మూడింటినీ దాటారు. ఏ ఒక్కదాని దగ్గర ఆగినా డబ్బు మిగిలేది.

మొదటి గడప దగ్గర ఫోనే ఆపింది. వాట్సాప్ నుంచి వచ్చిన తెలియని యాప్‌ను ఎక్కించడానికి అనుమతి లేదని ఇంగ్లిష్‌లో చూపించి, పక్కన Settings అని బటన్ ఇచ్చింది. అది నొక్కితే ‘Allow from this source’ అనే మీట కనిపించింది. ఆయన దాన్ని ఆన్ చేశారు. మీ ఫోన్‌లో ఎప్పుడు ‘unknown apps’ అనే మాట కనిపించినా వెనక్కి వచ్చేయండి. మీకు ఇంగ్లిష్ రాకపోయినా పర్లేదు, ఆ రెండు మాటల ఆకారం గుర్తుంచుకోండి. నేను తెర మీద పెద్దగా చూపిస్తాను.

రెండో గడప దగ్గర ఆ యాప్ ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి అడిగింది. చలానా చూపించే యాప్‌కు మన మెసేజ్‌లతో ఏం పని? ఆయన Allow అన్నారు. ఆ క్షణం నుంచి ఆ ఫోన్‌కు వచ్చే ప్రతి ఓటీపీ దొంగకు కూడా చేరడం మొదలైంది. పైగా ఆ యాప్ మెసేజ్ వచ్చిన శబ్దం కూడా వినపడనివ్వలేదు. ‘ఓటీపీ ఎవరికీ చెప్పకండి’ అని మనం ఎన్నోసార్లు విన్నాం. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆయన ఫోనే చెప్పేసింది.

మూడో గడప దగ్గర యాప్‌లో ఒక పేజీ తెరుచుకుంది. వివరాలు సరిచూడడానికి ఒక్క రూపాయి కట్టమని, డెబిట్ కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెల సీవీవీ అడిగింది. ఒక్క రూపాయే కదా అని ఆయన నింపారు. దొంగకు కావాల్సింది ఆ రూపాయి కాదు, ఆ కార్డు వివరాలు. అవి చేతికొచ్చాయి, ఓటీపీ ఎలాగూ వస్తోంది. ఆ రాత్రి ఆయన నిద్రపోయాక 24,999 రూపాయలకు గిఫ్ట్ వోచర్లు కొన్నారు, 18,500 రూపాయలు ఒక వాలెట్‌లోకి పంపుకొన్నారు. పొద్దున పాలవాడికి డబ్బు పంపబోయి, ఖాతాలో చాలినంత లేదని చూసి ఆయన కంగారుపడ్డారు.

కొన్నిసార్లు ఫైల్ బదులు లింకు వస్తుంది. అప్పుడు ఎలా పోల్చుకోవాలి? ఈ రెండూ చూడండి. రెండోది నేను ఉదాహరణ కోసం కల్పించింది.

```
https://echallan.parivahan.gov.in/index/accused-challan
https://echallan.parivahan.gov.in.fine-pay.example/pay
```

రెండింటిలోనూ `parivahan.gov.in` ఉంది. తేడా ఎక్కడుంది? మన తెలుగు పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. వెబ్ చిరునామాలో ఇంటిపేరు చివర వస్తుంది. `https://` తర్వాత మొదటిసారి ఒంటరిగా వచ్చే ఏటవాలు గీత `/` దగ్గర వేలు పెట్టండి. అక్కడి నుంచి ఎడమవైపు వెనక్కి చదవండి. మొదటిదాంట్లో గీతకు ఆనుకుని `gov.in` ఉంది, అది ప్రభుత్వ ఇల్లు. రెండోదాంట్లో గీతకు ఆనుకుని `fine-pay.example` ఉంది. ఆ ఇంటివాళ్లు తమ గుమ్మం మీద ప్రభుత్వం పేరు అతికించుకున్నారంతే. గీత లేకపోతే చిరునామా ఎక్కడ ముగిసిందో అక్కడి నుంచి వెనక్కి చదవండి.

బ్యాంకులకూ ఇదే లెక్క. రిజర్వ్ బ్యాంక్ ఆదేశంతో మన బ్యాంకులు 2025 అక్టోబరు 31 గడువుగా తమ వెబ్‌సైట్లను `.bank.in` చిరునామాలకు మార్చుకున్నాయి. ఆ చివర ఉన్న పేర్లు బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. ఇక పొట్టి లింకుల్లో ఇంటిపేరు దాగి ఉంటుంది కాబట్టి వెనక్కి చదివినా ఏమీ తెలియదు. అప్పుడు లింకును వదిలేసి మీ దారిన మీరు వెళ్లండి. చలానా నిజంగా ఉందో లేదో పైన చూపిన ప్రభుత్వ సైటును స్వయంగా టైప్ చేసుకుని చూడవచ్చు. లేదా బండి నంబరు పట్టుకుని దగ్గర్లోని బెంగళూరు వన్ కేంద్రానికి వెళ్లి అడగవచ్చు. చలానా నిజమే అయినా ఒక పూట ఆలస్యమైతే కొంప మునగదు.

పొరపాటు జరిగిపోతే ఏం చేయాలి? మొదట ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి. ఓటీపీలు బయటికి పోవడం అక్కడే ఆగుతుంది. తర్వాత ఇంకొకరి ఫోన్ తీసుకుని బ్యాంకుకు చేసి కార్డు బ్లాక్ చేయించండి. వెంటనే 1930కి చేయండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఖాతా నంబరు, పోయిన మొత్తం, పోయిన సమయం, లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. తెలుగు వచ్చినవాళ్లు దొరకకపోతే కంగారుపడకుండా ఈ కన్నడ మాట చదవండి: ‘నన్న ఖాతెయింద హణ హోగిదె, దయవిట్టు తడెయిరి.’ నా ఖాతా నుంచి డబ్బు పోయింది, దయచేసి ఆపండి అని అర్థం. `cybercrime.gov.in`లో కూడా ఫిర్యాదు నమోదు చేయండి.

టీచర్ గారు పొద్దున ఆరుంబావుకే చూసుకున్నారు. 1930కి చేసింది మాత్రం పదకొండు గంటలకు. మధ్యలో దాదాపు ఐదు గంటలు ఎందుకు ఆగారో తెలుసా? కొడుకు తిడతాడని భయపడ్డారు. వాలెట్‌లోకి వెళ్లిన 18,500 రూపాయలు ఇంకా అక్కడే ఉండడంతో ఆపగలిగారు. వోచర్లు అప్పటికే వాడేశారు, ఆ 24,999 రూపాయలు తిరిగి రాలేదు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం తప్పు మనదే అయినా, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకే భరించాలి. కాబట్టి చెప్పిన నిమిషం చాలా విలువైనది. బ్యాంకు ఇచ్చిన ఫిర్యాదు నంబరు, సమయం కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఈ హాల్లో ఉన్న నా తోటి విద్యార్థులకు ఒక మాట. మీ అమ్మో నాన్నో ఇలాంటిది చెప్పినప్పుడు ‘ఎందుకు నొక్కావు’ అని అడగకండి. ‘ఫోన్ ఇటివ్వు’ అని 1930కి చేయండి.

---

ప్రసంగం ఇంతే. ఇక మీ ఏర్పాట్ల సంగతి. అసలు దొంగ ఫైల్‌ను ఏ ఫోన్‌లోనూ తెరిచి చూపించకండి, స్క్రీన్‌షాట్లు చాలు. ప్రసంగం అయ్యాక నలుగురైదుగురు స్నేహితులను కూర్చోబెట్టి, పెద్దవాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్లలో Settings తెరిచి ‘Install unknown apps’ అని వెతికించండి. అక్కడ వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ పక్కన ‘Not allowed’ అని ఉండాలి. ఒక్కో ఫోన్‌కు రెండు నిమిషాలు పడుతుంది. ఐఫోన్‌లో `.apk` పనిచేయదు, కానీ దొంగ లింకుతో తెరుచుకునే పేజీ అక్కడా పనిచేస్తుంది. అందుకే లింకు చదివే పాఠం వాళ్లకూ కావాలి.

ఎవరి ఫోన్‌లోనైనా అలాంటి యాప్ ముందే ఎక్కి ఉంటే, ఐకాన్ కనిపించకపోయినా Settings లోని Apps జాబితాలో ఉంటుంది. Uninstall నొక్కడానికి వీల్లేకుండా ఉంటే దానికి ‘Device admin’ అధికారం ఇచ్చారని అర్థం, ముందు అది తీసేయాలి. తర్వాత `##002#` డయల్ చేయించండి. కాల్స్ ఎవరికైనా మళ్లించి ఉంటే రద్దవుతాయి. అంతా అయ్యాక ఫొటోలు, నంబర్లు మాత్రం దాచుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించడమే మేలు. అప్పటిదాకా ఆ ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరవొద్దని చెప్పండి. పాస్‌వర్డులు, పిన్‌లు మార్చేది కూడా వేరే ఫోన్ నుంచే.

కన్నడ వాక్యాన్ని, 1930ని పెద్ద అక్షరాలతో ఒక చీటీ మీద ప్రింట్ తీసి అందరికీ పంచండి. ఫోన్ కవర్ వెనక పట్టేంత చీటీ అయితే చాలు.