గంటలకొద్దీ హైవే మీదే ఉండేవాడు టెస్ట్ డ్రైవ్‌లో ఏం వినాలి?

పర్లాకిమిడి నుంచి టెక్సాస్ వచ్చిన ఒక తమ్ముడు అడిగాడు: "అన్నయ్యా, వారం వారం హ్యూస్టన్ నుంచి డాలస్ వెళ్లి రావాలి. కారు దిగేసరికి తల దిమ్మెక్కిపోతోంది. కొత్తది కొందామంటే టెస్ట్ డ్రైవ్‌లో అన్నీ మెత్తగానే ఉన్నాయి. తేడా ఎలా పట్టుకోవాలి?"

ఈ ప్రశ్న వచ్చేసరికి నేను సెలవు మీద బరంపురంలో ఉన్నాను. సరిగ్గా అదే పని మీద మా బావతో షోరూంల చుట్టూ తిరుగుతున్నాను కూడా. ఆయనకి వ్యాపారం పని మీద నెలకి నాలుగైదు సార్లు విశాఖ ప్రయాణం. ఒకే కారులో రెండు రకాలు చూశాడు. ఒకదానికి 17 అంగుళాల చక్రాలు, ఇంకోదానికి 18. పెద్ద చక్రాలది చూడ్డానికి బాగుందని మనసు అటే లాగుతోంది.

షోరూం కుర్రాడు ఊళ్లో ఒక రౌండు తిప్పి తెచ్చేస్తానన్నాడు. నలభై వేగంలో ఏ కారైనా నిశ్శబ్దంగానే ఉంటుంది. గాలి మోత, టైర్ల మోత తెలియాలంటే నువ్వు రోజూ నడిపే వేగంలోనే నడపాలి. బతిమాలి జాతీయ రహదారి 16 ఎక్కించి, ఇచ్ఛాపురం వైపు కొంతదూరం వెళ్లి వెనక్కి వచ్చాం. రెండు కార్లకీ అదే రోడ్డు, అదే లేను, అదే వేగం. రానూ పోనూ రెండు వైపులా ఎందుకంటే, ఎదురుగాలి ఉంటే ఒకవైపు మోత ఎక్కువ వినిపిస్తుంది. పాటలు ఆపేసి, ఏసీ ఫ్యాన్ బాగా తగ్గించాం.

18 అంగుళాలది ముందు తీశాం. వంతెన అతుకుల మీద ఎక్కినప్పుడల్లా నడుముకి ఠపీమని తగిలింది. బావ అప్పుడే "ఇది వద్దు" అనేశాడు. నాకు అనుమానం వచ్చి గాలి చూపిస్తే 42 ఉంది. డోరు దగ్గర స్టిక్కరు మీద 33. స్టాకులో నిలబెట్టే కార్లకి గాలి ఎక్కువ పట్టి ఉంచుతారు. తగ్గించకుండానే టెస్ట్ డ్రైవ్‌కి ఇచ్చేయడం మామూలే. ఇక్కడొక చిన్న మెలిక ఉంది. స్టిక్కరు మీది అంకె చల్లటి టైరుకి. నడిచి వేడెక్కిన టైరులో మూడు నాలుగు ఎక్కువే చూపిస్తుంది. అందుకని 33కి కాకుండా 37కి దింపించి మళ్లీ నడిపాం. ఆ దెబ్బలో సగం పోయింది. మోత మాత్రం పెద్దగా తగ్గలేదు.

మిగిలిన సగం టైరు కొలతలోనే ఉంది. చిన్న చక్రానిది 215/60, పెద్దదానిది 215/55. రెండో అంకె టైరు పక్కగోడ ఎత్తు, వెడల్పులో శాతం. అంటే ఒకటి 129 మిల్లీమీటర్లు, ఇంకోటి 118. రోడ్డు దెబ్బని ముందు మింగేది ఆ రబ్బరు గోడే. సస్పెన్షన్ వంతు ఆ తర్వాత. అమెరికాలో స్పోర్ట్ రకాల్లో 235/40 కూడా చూస్తావు. అక్కడ గోడ 94 మాత్రమే.

ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టాను. రెండు కార్లలోనూ ఫోను ఒకే చోట. 100 వేగంలో 67 ఒకదానిలో, 69 ఇంకోదానిలో. ఆ అంకెల్ని పోలికకి మించి నమ్మకు. ఇలాంటి యాప్‌లు మామూలుగా చెవి వినే తీరుని బట్టి కొలుస్తాయి కాబట్టి అడుగున ఉండే బొంయ్‌మనే గుడగుడని లెక్కలో బాగా తగ్గించేస్తాయి. గంటలు నడిచాక తల బరువెక్కించేది చాలాసార్లు అదే. దాన్ని పట్టాలంటే పై గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో, యాక్సిలరేటర్ మెల్లగా నొక్కి చూడు. చెవుల్లో ఒత్తిడిలా అనిపిస్తే అదే. వెనక సీట్లోనూ ఒకసారి కూర్చో.

వణుకు సంగతి వేరు. స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనకవి అని మొదటి అనుమానం. ఇంజినా చక్రమా తేలకపోతే అదే వేగంలో ఒక గేరు దించు. ఆర్‌పీఎం మారినా వణుకు మారకపోతే చక్రాలదే. చాలా రోజులు నిలబడిన కారుకి టైరు అడుగు చదునైపోయి మొదట్లో వణుకుతుంది. పదిహేను, ఇరవై నిమిషాలు నడిచాక పోతే భయం లేదు. పోకపోతే బ్యాలెన్సింగ్ చేయించి మళ్లీ చూపించమను.

నీ దారిలో ఇంకో చిక్కుంది. సిమెంటు రోడ్డు మోత వేరు, తారు రోడ్డు మోత వేరు. డీలరు పక్కనున్న కొత్త తారు మీద నడిపి మురిసిపోకు. గరుకు సిమెంటు ఉన్న ముక్క ముందే చూసిపెట్టుకుని, రెండు కార్లనీ అక్కడికే తీసుకెళ్లు, 70 మైళ్ల వేగంలో. సీటు గుణం మాత్రం అరగంటలో తెలీదు. కొనే ముందు అదే మోడల్ అద్దెకి దొరికితే ఒక వారాంతం డాలస్ దాకా వెళ్లి రా. దాని టైరు కొలత కూడా చూసుకో, లేదంటే నువ్వు నడిపింది ఒకటి, కొనేది ఇంకొకటి అవుతుంది.

బావ 17 అంగుళాలదే బుక్ చేశాడు. అల్లాయ్ డిజైన్ బాలేదని మా అక్క ఇంకా సణుగుతూనే ఉంది.