ముంజేతుల మీద వంకాయ రంగు మచ్చలు: ముందు మందుల సంచి చూడండి

ప్రశ్న: మా నాన్నగారికి 79 ఏళ్లు. దెబ్బేమీ తగలకపోయినా చేతుల మీద ఊదా రంగు మచ్చలు వస్తున్నాయి. రక్త పరీక్షలు చేయించాలా?

ముందు ఆయన వాడే మందులన్నీ మంచం మీద పరచి చూడండి. మా అమ్మ విషయంలో నేను ముందు ల్యాబుకి పరిగెత్తాను, మందుల సంగతి ఆఖరున బయటపడింది.

మా అమ్మకి 76 ఏళ్లు. పోయిన సంక్రాంతికి ఊరి నుంచి గుంటూరు తీసుకొస్తుంటే బస్సు మెట్టు ఎక్కలేకపోయింది. ముంజేయి పట్టుకుని పైకి లాగాను. తెల్లారి కాఫీ ఇస్తూ చూద్దును కదా, నేను పట్టుకున్న చోట అరచేతి వెడల్పున వంకాయ రంగు మచ్చ. నొప్పి లేదంది. మధ్యాహ్నం మా పిన్ని వచ్చి "ఎవరే కొట్టింది?" అనేసరికి నాకు ఏడుపొచ్చేసింది.

డెంగ్యూ ఏమోనన్న టెన్షన్‌తో ప్లేట్‌లెట్లు చూపించాను. 2.3 లక్షలు. లక్షన్నర దాటితే మామూలే అన్నా మనసు ఒప్పుకోక నాలుగు రోజులకి మళ్ళీ తీయించాను. పక్కింటావిడ బొప్పాయాకు రసం పట్టమంది. ల్యాబు కుర్రాడు ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించమన్నాడు. మనిషిని చూడకుండా ప్యాకేజీలు అంటగట్టడం నాకు అస్సలు నచ్చదు.

చివరికి కొత్తపేటలో ఒక చర్మం డాక్టరమ్మకి చూపించాం. ఆవిడ మచ్చ కన్నా ముందు అమ్మ జాకెట్టు చెయ్యి పైకి జరిపి చూసింది. జాకెట్టు కప్పిన చోట చర్మం నున్నగా ఉంది. మోచేతి కింద మాత్రం నలిపిన కాగితంలా పల్చగా ఉంది. నలభై ఏళ్లు మిరపకోతల్లో ఎండకి కాలిన చేతులవి. వయసుతో, ఎండతో చర్మం లోపలి పటుత్వం పోతే సన్నటి రక్తనాళాలకి ఆసరా ఉండదు, చిన్న ఒరిపిడికే చిట్లుతాయి. రక్తంలో లోపం ఉండదు. దీన్నే సెనైల్ పర్‌ప్యూరా అంటారట. మామూలు దెబ్బలా పచ్చగా, పసుపుగా మారకుండా రెండు మూడు వారాల్లో తగ్గి, తుప్పు రంగు మరక మిగులుతుంది.

ఆ తర్వాత "మోకాళ్ళ నొప్పులకి ఏమన్నా వాడుతున్నారా పెద్దమ్మా?" అని అడిగింది. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత బొడ్లో దోపుకున్న పొట్లం తీసింది. పేరు లేని నాలుగు విడి బిళ్ళలు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇస్తే ఎనిమిది నెలలుగా వేసుకుంటోందట. వేసుకున్న రెండో రోజుకే నొప్పులు పోయాయంది. ముఖం గుండ్రంగా అయితే ఒళ్ళు చేసిందని మేమంతా సంతోషించాం కూడా! అది స్టెరాయిడ్ లక్షణమని, అసలే పల్చబడ్డ చర్మాన్ని అది ఇంకా పల్చన చేస్తుందని డాక్టరమ్మ చెబితే గానీ తెలియలేదు.

అమ్మకి నిజంగా కావలసిన రక్త పరీక్షలు అప్పుడు రాసింది, షుగరు, పొద్దున ఎనిమిదింటికి తీసే కార్టిసాల్. షుగరు పెరిగింది, కార్టిసాల్ బాగా పడిపోయింది. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్, అంటే ఈ కార్టిసాల్, ఆగిపోతుంది. అందుకే పొట్లం ఒక్కసారిగా మానిపిస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. దాని బదులు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడే లెక్కగా ఇచ్చి, డాక్టరు చూస్తూ మూడు నెలల మీద తగ్గించారు. పేరు లేని బిళ్ళ ఇచ్చేవాడి దగ్గరికి పెద్దవాళ్ళని పంపకండి, ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను.

మీ నాన్నగారు ఆయాసానికి స్టెరాయిడ్ ఉన్న పీల్చే మందు చాలాకాలంగా వాడుతున్నా, దురదకి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తున్నా చర్మం ఇలాగే పల్చబడొచ్చు. గుండెకిచ్చే ఆస్పిరిన్ వల్ల కమలడం ఎక్కువవుతుంది, కానీ దాన్ని మీ అంతట మీరు ఆపకండి.

మచ్చలు ముంజేతులు, చేతుల వెనకవైపే ఉండి, మనిషి మామూలుగా ఉంటే రక్త పరీక్షకి తొందర లేదు. వీపు, పొట్ట, తొడల మీద వచ్చినా, పిక్కల మీద సూదిమొనంత ఎర్రచుక్కలు కనిపించినా, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం కారినా, జ్వరం, బరువు తగ్గడం తోడైనా ఆగకూడదు. అప్పుడు ప్లేట్‌లెట్లతో సహా సీబీసీ, రక్తం గడ్డకట్టే పరీక్షలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు కావాలి. మలం తారులా నల్లగా వస్తే, లేదా రక్తం పల్చబడే వార్ఫరిన్ లాంటి మందు వాడుతూ మచ్చలు హఠాత్తుగా పెరిగితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తలకి దెబ్బ తగిలినా అంతే.

చర్మం చిరిగితే బ్యాండేజీ అంటించకండి. అమ్మకి అంటించి తీస్తే దాంతో పాటు చర్మం లేచొచ్చింది. అంటుకోని గాజుగుడ్డ పెట్టి, పైన మెత్తటి కట్టు కట్టమన్నారు. ఇప్పుడు బస్సెక్కించేటప్పుడు ముంజేయి పట్టుకోను, నడుం చుట్టూ చెయ్యి వేసి ఎక్కిస్తున్నాను.