ఏసీ కంపెనీకి నువ్వు రాసిన మెయిల్ సంగతి

ఒరేయ్ బాబీ,

కొత్త ఏసీకి రెండుసార్లు గ్యాస్ నింపినా చల్లబడటం లేదని కంపెనీకి రాసి, రాత్రి నాకు పంపిన రెండు డ్రాఫ్టులూ చదివాను. ఒకటి నువ్వు రాసింది, ఇంకోటి అక్క దిద్దింది. రెండూ పంపకు. నీ మెయిల్ చూసి కంపెనీ వాళ్ళకు కోపమొస్తుందని కాదు, వాళ్ళకు కోపం కూడా రాదు, అలాంటివి రోజూ చూస్తారు. అక్క రాసింది చదివితే ఇంకా హాయిగా ఊపిరి పీల్చుకుంటారు, ఎందుకంటే అందులో నువ్వు అడిగిందే లేదు.

బందరు రోడ్డు ఆఫీసులో నేను చేసిన ఉద్యోగమే ఇది కదా, జనం తిట్టిన తిట్లు చదివి ఎవరికేం కావాలో తేల్చడం. కాబట్టి అవతలివైపు ఏం జరుగుతుందో చెప్తా విను. నీ మెయిల్ మొదట చదివేది ఎండీ కాదు, మేనేజరూ కాదు. హెడ్‌సెట్ పెట్టుకున్న పాతికేళ్ళ పిల్లో పిల్లాడో చదువుతారు. వాళ్ళ కళ్ళు వెతికేవి మూడే: ఏ వస్తువు, ఏ కంప్లెయింట్ నంబరు, ఏం కావాలంటున్నాడు. ఈ మూడూ ఒక్క చూపులో దొరికితే పైవాళ్ళకు పంపుతారు. దొరక్కపోతే ముందే రాసిపెట్టుకున్న జవాబు ఒకటి వదుల్తారు: 'కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము, మా టెక్నీషియన్ మిమ్మల్ని సంప్రదిస్తారు.' నీకు ఇప్పటికే రెండుసార్లు వచ్చింది అదే.

నీ మెయిల్లో 'మోసగాళ్ళు' నాలుగుసార్లు ఉంది. ఏసీ మోడల్ ఒక్కసారి కూడా లేదు. ఇక నువ్వు అడిగింది ఎక్కడుందా అని వెతికితే చివర్లో దొరికింది: 'కొత్తదైనా ఇవ్వండి, లేదా డబ్బులైనా తిరిగివ్వండి, లేదా సరిగ్గా రిపేరన్నా చేసి చావండి.' మూడు దారులు చూపిస్తే వాళ్ళు ఏది పట్టుకుంటారు? చవకైనది. అంటే మళ్ళీ ఒక టెక్నీషియన్, మళ్ళీ గ్యాస్. అక్కేమో చావండి తీసేసి 'దయచేసి పరిశీలించి తగు చర్య తీసుకోగలరు' అని పెట్టింది. తగు చర్య ఏమిటో వాళ్ళే తేల్చుకోవాలట! మర్యాద చేద్దామని మొదలుపెట్టి అడగాల్సింది మింగేయడం మనవాళ్ళందరికీ ఉన్న అలవాటే, 'డూ ద నీడ్‌ఫుల్' అని ముగించి చేతులు దులుపుకుంటాం.

అందుకని ముందు మెయిల్ పక్కన పెట్టి, విడిగా ఒక కాగితం మీద నీకు ఏం కావాలో ఒక్క వాక్యం రాయి. ఏ వస్తువు, ఏం చెయ్యాలి, ఏ తేదీ లోపల. నీ విషయంలో అది ఇలా ఉంటుంది: 'ఈ ఏసీ తీసుకెళ్ళి, అదే మోడల్ కొత్తది మే 18 లోగా బిగించి ఇవ్వాలి.' ఇక ఈ వాక్యాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మిగతా మెయిల్‌ని ఎంత మెత్తబరిచినా సరే, దీంట్లో 'వీలైతే', 'సాధ్యమైనంత త్వరగా' లాంటివి చేరకూడదు. మే 18 ఎందుకంటే, రోహిణి కార్తె రాకముందే పని అవ్వాలి, వాళ్ళకూ ఒక పది రోజులు టైమ్ ఇచ్చినట్టుంటుంది. రేపటికల్లా కావాలంటే దాన్ని ఎవడూ సీరియస్‌గా తీసుకోడు.

కొత్తది అడగడం సబబేనా అన్నావు. సబబే, అయితే ఎందుకో నీకు తెలిసుండాలి. ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లా వాడితే అయిపోయేది కాదు. రాగి గొట్టాల్లో మూసేసి ఉంటుంది, అందులోనే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టుకోకుండా గ్యాస్ నింపితే అది రిపేర్ కాదు, కొన్నాళ్ళకు మళ్ళీ అదే కథ. నీ ఏసీకి ఏప్రిల్ 9న నింపారు, 20న మళ్ళీ నింపారు. నీ కేసు మొత్తంలో బలమైన మాట ఇదే, నువ్వేమో దాన్ని 'మీ టెక్నీషియన్ ఒట్టి వెధవ, పని రాదు' అనే వాక్యం కింద పూడ్చేశావు. వెధవ అంటే వాళ్ళు కాదనొచ్చు. 'లీకు వెతికినట్టు మీ జాబ్ షీట్లలో ఎక్కడా లేదు' అంటే కాదనలేరు, టెక్నీషియన్ వచ్చినప్పుడల్లా చేసిన పని రాసిచ్చే ఆ కాగితం వాళ్ళదే.

ఒక చిక్కు ఉంది, చెప్పేస్తా. ఔట్‌డోర్ యూనిట్ దగ్గర రాగి గొట్టాన్ని బిగించే ఇత్తడి నట్టు ఉంటుంది చూడు, దాని చుట్టూ నూనె జిడ్డు ఉందేమో టార్చి వేసి చూసి ఫోటో తియ్. జిడ్డు ఉంటే లీకు అక్కడే అయ్యుండొచ్చు, అప్పుడు వాళ్ళు 'ఇది బిగింపులో లోపం, మిషన్‌ది కాదు' అంటారు. బిగించింది కూడా వాళ్ళ మనుషులే కాబట్టి తప్పించుకోలేరు, కానీ కొత్తది ఇవ్వకుండా నట్టు సరిచేస్తామంటారు. లీకు ఎక్కడో కాగితం మీద రాసిచ్చి, సరిచేసి, నైట్రోజన్‌తో ప్రెజర్ టెస్ట్ చేసి చూపిస్తే ఒప్పుకో. అది నీ మనసులో ఉంచుకునే రెండో మెట్టు. మెయిల్లో మాత్రం రాయకు, రాస్తే బేరం అక్కణ్ణుంచే మొదలవుతుంది.

ఇక కోపం. నీ ఒక్కో తిట్టు కింద ఏదో ఒక నిజం ఉంది, అది ఉంచి తిట్టు తీసెయ్. 'నెల రోజులుగా ఆడుకుంటున్నారు' తీసేసి మూడు తేదీలు వరసగా రాయి, చదివినవాడికే అర్థమవుతుంది. 'అబద్ధాలకోరులు, కంప్లెయింట్ క్లోజ్ చేసేశారు' అన్నావు. అసలు జరిగిందేమిటి? పని అయిందని చెప్పి ఆ టెక్నీషియన్ అబ్బాయి నీ ఫోన్‌కొచ్చిన ఓటీపీ అడిగాడు, నువ్వు చెప్పావు, దాంతో వాళ్ళ సిస్టమ్‌లో సమస్య తీరినట్టు పడిపోయింది. అదే రాయి: ఓటీపీ ఇచ్చిన మాట నిజమే, ఆ రాత్రికే చల్లదనం ఆగిపోయింది. (ఇకమీదట గంటసేపు నడిపి చూశాకే ఓటీపీ చెప్పు.) బావ బీపీ సంగతి ఒక్క ముక్కలో ఉంచు, తేదీ ఎందుకు అడుగుతున్నావో దాంతో తెలుస్తుంది. 'ఆయనకేమన్నా అయితే మీదే బాధ్యత' మాత్రం వద్దు. అలాంటి మాట కనబడగానే మెయిల్ లీగల్ వాళ్ళ దగ్గరికి పోతుంది, అక్కణ్ణుంచి ఏమీ ఒప్పుకోని జవాబు ఒకటి వస్తుంది, ఏసీ అక్కడే ఉంటుంది.

బెదిరింపు కూడా అంతే. 'కోర్టుకీడుస్తా, మీ షాపు మూయిస్తా' అంటే నవ్వుకుంటారు. నువ్వు నిజంగా చేసేది ఏమిటో మామూలు గొంతుతో చెప్పు. మొదటిది 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వాళ్ళు ఆర్డర్ ఇవ్వలేరు, కంపెనీకి పంపి జవాబు రాబడతారు, పైసా ఖర్చు లేదు. దాంతో కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం నువ్వుండే చోటే కేసు వెయ్యొచ్చు, రెండేళ్ళ లోపు వెయ్యాలి, 5 లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు లేదు, లాయర్ లేకుండా నువ్వే వాదించుకోవచ్చు. ఇదంతా కంపెనీకి తెలుసు, కాబట్టి వివరించక్కర్లేదు, ఒక్క వాక్యం చాలు.

ఇంగ్లీషులో నువ్వే పెట్టుకో, విషయం మాత్రం ఇలా ఉండాలి:

'సబ్జెక్ట్: ఏసీ మార్చి ఇవ్వాలి, రెండుసార్లు గ్యాస్ నింపినా చల్లబడటం లేదు, కంప్లెయింట్ నంబరు ఫలానా.

నమస్కారం. మార్చి 14న విజయవాడలో మీ డీలర్ దగ్గర ఒకటిన్నర టన్ను ఏసీ 41,500 రూపాయలకు కొన్నాను. మోడల్, సీరియల్ నంబర్లు కింద ఇచ్చాను. ఈ ఏసీ తీసుకెళ్ళి, అదే మోడల్ కొత్తది మే 18 లోగా బిగించి ఇవ్వాలని కోరుతున్నాను.

చల్లదనం లేదని చెబితే ఏప్రిల్ 9న గ్యాస్ నింపారు. మళ్ళీ ఆగిపోతే ఏప్రిల్ 20న నింపారు. పని అయిందనగానే ఓటీపీ ఇచ్చాను, ఆ రాత్రికే ఆగిపోయింది. మే 2న వచ్చినవారు బోర్డు మార్చాలన్నారు, ఎప్పుడు మారుస్తారో చెప్పలేదు. లీకు వెతికినట్టు మూడు జాబ్ షీట్లలోనూ లేదు. వచ్చిన టెక్నీషియన్లు మర్యాదగానే ఉన్నారు, వారి మీద ఫిర్యాదు లేదు. ఇంట్లో బీపీ ఉన్న మా నాన్నగారు ఉన్నారు, అందుకే తేదీ అడుగుతున్నాను.

ఏ రోజు వస్తారో మే 12 లోగా ఈ మెయిల్‌కే జవాబు ఇవ్వండి. 18 లోగా మార్చకపోతే 1915లో నమోదు చేసి, ఆపైన జిల్లా కమిషన్‌కు వెళ్తాను. బిల్లు, వారంటీ కార్డు, జాబ్ షీట్ల ఫోటోలు జతచేశాను.'

టెక్నీషియన్ల మీద ఫిర్యాదు లేదని ఎందుకు పెట్టానంటే, నీ గొడవ మనుషులతో కాదు మిషన్‌తో అని చదివేవాళ్ళకు అర్థం కావాలి. పైగా రేపు నీ ఇంటికొచ్చేది మళ్ళీ ఆ అబ్బాయే.

ఇది పంపాక ఫోన్ వస్తుంది. చాలా తియ్యగా మాట్లాడతారు, 'సార్, ఒక్కసారి మా సీనియర్ వచ్చి చూస్తారు' అంటారు. రమ్మను, చూడనియ్, కానీ ఫోన్ పెట్టేశాక వెంటనే అదే మెయిల్ కింద రెండు లైన్లు కొట్టు: 'ఇప్పుడే ఫోన్లో మాట్లాడాం, ఎల్లుండి చూడ్డానికి వస్తామన్నారు, రండి. ఏసీ మార్చమన్న కోరిక, మే 18 తేదీ అలాగే ఉన్నాయి.' ఫోన్లో అన్నది ఎక్కడా మిగలదు. కొత్త మెయిల్ మొదలుపెట్టకు, పాతదాని కిందే రాస్తూ పో, లేకపోతే ప్రతిసారీ కొత్త మనిషికి మొదట్నుంచీ చెప్పుకోవాలి. డీలర్‌ని కూడా కాపీలో పెట్టు. డీలర్ కంపెనీ మీదికి, కంపెనీ డీలర్ మీదికి నెట్టడం మామూలే, ఇద్దరూ ఒకే మెయిల్లో ఉంటే అది కాస్త కష్టం.

సీరియల్ నంబరు ఇండోర్ యూనిట్ పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది, స్టూల్ ఎక్కి ఫోటో తీసుకో. మే 2 నాటి జాబ్ షీట్ నువ్వు పంపినవాటిలో లేదు. అది దొరక్కపోతే 'మూడు జాబ్ షీట్లు' అన్నచోట రెండని మార్చి, మూడోదాని కాపీ పంపమని వాళ్ళనే అడుగు. పంపేముందు నాకొకసారి చూపించు.

మామయ్య