సంతాలీ నోటీసు ఏ లిపిలో పెట్టాలి?

ప్రశ్న: జార్ఖండ్‌లోని దుమ్కా దగ్గరి ఊళ్లో సంతాలీ భాషలో చిన్న నోటీసు అతికించాలి. సంతాలీ సొంత లిపి ఓల్ చికీలోనా, హిందీ రాసే దేవనాగరిలోనా?

జవాబు: మాట ఒకటే ఉంచి రెండింటిలోనూ పెట్టండి. జార్ఖండ్‌లో హిందీ బడుల్లో చదివినవాళ్లు దేవనాగరి సులువుగా చదువుతారు. అదే ఒడిశాలోని మయూర్‌భంజ్ అయితే ఓల్ చికీకే నా ఓటు. 1925లో రఘునాథ్ ముర్ము ఆ లిపిని రూపొందించింది అక్కడే. ముందు ఒక వాక్యం రెండు లిపుల్లో రాసి, వీధిలో ఐదారుగురితో పైకి చదివించండి. ఎక్కడ తడబడతారో చూస్తే ఏది పైన పెట్టాలో తేలిపోతుంది.

దేవనాగరిలో చిక్కు పదాంత హల్లులతో వస్తుంది. నీళ్లను ఓల్ చికీలో ᱫᱟᱜ అని రాస్తారు. చివరి ధ్వని గొంతులోనే ఆగిపోతుంది, దానికి మామూలు దేవనాగరిలో సొంత అక్షరం లేదు. ఒకరు హలంత క రాస్తే మరొకరు విసర్గ పెడతారు. ఏదో ఒకటి ఎంచుకుని నోటీసంతా అదే వాడండి.

ఓల్ చికీ టైపింగ్‌లో అచ్చును మార్చే చుక్క `ᱹ` (U+1C79) బదులు మామూలు ఫుల్‌స్టాప్ కొట్టేస్తుంటారు. కంటికి ఒకేలా ఉన్నా వెతికితే ఆ మాట దొరకదు. వాక్యం చివర `᱾` (U+1C7E) పెట్టండి, చుక్క పెడితే అచ్చు గుర్తనుకుంటారు.