వయసా, తరమా, కాలమా: ఇంటర్వ్యూలో ఎదురైన ప్రశ్న

ప్రశ్న: సర్, నేను ఎంఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి సంవత్సరం. ఒక సర్వే పరిశోధన సంస్థలో ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకి వెళ్తే ఒక గ్రాఫ్ చూపించారు. పాతికా ముప్పై ఏళ్ల ఉద్యోగులు ఒక చోట మూడేళ్లలోపే ఉంటున్నారు, అరవైకి దగ్గర్లో ఉన్నవాళ్లు దాదాపు పదేళ్లు. "కొత్త తరానికి నిలకడ తక్కువ" అన్నాను. "అది తరం వల్లా, వయసు వల్లా, కాలం వల్లా?" అని అడిగితే చెప్పలేకపోయాను. రెండు వారాల్లో ఇలాంటిదే ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఏం చదవాలి?

జవాబు: ఆ గ్రాఫ్ ఒకే ఏడాది సర్వేదైతే, వాళ్లడిగినదానికి జవాబు అందులో లేదు. మీరు మొదట అనాల్సిన మాట అదే. ఒక ఏడాదిలో 28 ఏళ్ల మనిషినీ 60 ఏళ్ల మనిషినీ పక్కపక్కన పెడితే రెండు తేడాలు ఒకేసారి కనిపిస్తాయి. ఒకరు వయసులో చిన్న, ఒకరు పెద్ద. ఒకరు ఈమధ్య పుట్టారు, ఇంకొకరు ఎప్పుడో పుట్టారు. ఈ రెండిట్లో ఏది పనిచేసిందో విడదీయడానికి ఆ గ్రాఫ్‌లో ఆధారమే ఉండదు.

ఏ తరంలో పుట్టినా ఆ వయసు వచ్చేసరికి జరిగేది వయసు ప్రభావం. ఒకే కాలంలో పుట్టి, ఒకే రకం పరిస్థితుల్లో పెరిగినవాళ్లు జీవితాంతం తమతో మోసుకెళ్లేది కోహార్ట్ ప్రభావం, మామూలు మాటల్లో తరం ప్రభావం. ఒక సంవత్సరంలో ఏదో జరిగి చిన్నా పెద్దా అందరినీ ఒకేసారి కదిలిస్తే అది పీరియడ్ ప్రభావం, అంటే కాల ప్రభావం. ఈ నిర్వచనాలు అందరూ అప్పజెప్పగలరు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు చూసేది వీటిని అంకెలకు అన్వయించగలరా అని.

మీకు వచ్చిన ప్రశ్ననే తీసుకుందాం. అమెరికా కార్మిక గణాంకాల విభాగం ఇంటింటి సర్వేలో, ఇప్పుడున్న యజమాని దగ్గర ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారని అడిగి, వయసులవారీగా మీడియన్ ప్రకటిస్తుంది. 2022 జనవరిలో 25–34 ఏళ్ల వారికి అది 2.8 ఏళ్లు, 55–64 ఏళ్ల వారికి 9.8 ఏళ్లు. మీ గ్రాఫ్ చెప్పిన కథే ఇది. ఇక్కడ ఆగిపోతే తరం గురించి ఎంతైనా రాయొచ్చు.

ఇప్పుడు 1983 జనవరికి వెళ్లండి. అప్పటి 25–34 ఏళ్ల వారి మీడియన్ 3.0 ఏళ్లు. వాళ్లు 1948–58 మధ్య పుట్టినవాళ్లు, ఈరోజు "ఒకే చోట నిలకడగా పనిచేసిన తరం" అని చెప్పుకునేవాళ్లు. నిలకడ తరానిదే అయితే వాళ్ల యవ్వనంలోనూ అది కనిపించాలి. కానీ 2022 నాటి యువతతో తేడా 0.2 ఏళ్లు, అంటే రెండున్నర నెలలకు కాస్త అటూఇటూ. అదే జనాన్ని వెంబడించి 2012కి రండి. వాళ్లు దాదాపుగా 55–64 గుంపులోకి వచ్చేశారు. అక్కడి మీడియన్ 10.3. మూడేళ్ల దగ్గర మొదలైనవాళ్లే పదేళ్లు దాటారు. కాబట్టి మీ గ్రాఫ్‌లో కనిపించిన తేడాలో ఎక్కువ భాగాన్ని వయసు ఖాతాలో వేయడమే సబబు. దీనికి లెక్కతో పనిలేని కారణం కూడా ఉంది: పాతికేళ్ల మనిషి పదిహేనేళ్లుగా ఒకే ఉద్యోగంలో ఉండడం సాధ్యమే కాదు. ఇలాంటి బయటి ఆధారం ఎంత విలువైనదో కాసేపట్లో చెబుతాను.

కాల ప్రభావం కూడా ఈ వరసలోనే దొరుకుతుంది. అదే 25–34 గుంపు 2008లో 2.7, 2010లో 3.1, 2012లో 3.2, మళ్లీ 2016కి 2.8. అన్ని వయసులూ కలిపి చూసినా 2008లో 4.1 ఉన్నది 2012కి 4.6 అయింది. యువతకు హఠాత్తుగా నిలకడ వచ్చి, నాలుగేళ్లకే పోయిందా? కాదు. మాంద్యంలో కొత్తగా చేరినవాళ్ల ఉద్యోగాలే ముందు పోయాయి, కొత్త నియామకాలు తగ్గాయి, వేరే ఖాళీలు లేక ఉన్నవాళ్లు కదల్లేదు. మిగిలినవాళ్ల మీడియన్ దానంతట అదే పెరిగింది. అందరిలో ఒకేసారి ఎగసి, పరిస్థితి మారాక దిగిపోయే గుట్ట కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది కాలాన్నే.

ఇక చిక్కు ఎక్కడంటే, 55–64 గుంపు 1983లో 12.2 ఉండి 2022కి 9.8కి దిగింది. అప్పటి పెద్దవాళ్ల తరమే వేరా? లేక ఉద్యోగాల తీరే అందరికీ మెల్లగా మారిపోయిందా? ఈ అంకెలతో తేల్చలేం, కారణం ఒక చిన్న కూడిక. పుట్టిన ఏడాదికి వయసు కలిపితే సర్వే ఏడాది వస్తుంది. 1990లో పుట్టినవారికి 2020లో 30. రెండు తెలిస్తే మూడోది తెలిసినట్టే, దానికంటూ వేరే సమాచారం లేదు. "ఏటా వయసుతో ఒక యూనిట్ పెరుగుతుంది" అన్నా, "కాలంతో ఏటా ఒకటి పెరుగుతుంది, ఆలస్యంగా పుట్టిన ప్రతి ఏడాదికీ ఒకటి తగ్గుతుంది" అన్నా ప్రతి గడిలోనూ అవే అంకెలు వస్తాయి. మీరే ఆర్‌లో ప్రయత్నించండి:

```
lm(tenure ~ age + year + birth)
```

చివరి వరసలో గుణకం బదులు `NA` వస్తుంది. దాన్ని పోగొట్టడానికి చాలామంది వయసును ఐదేళ్ల గుంపులుగా, పుట్టుకను పదేళ్ల గుంపులుగా మారుస్తారు. అప్పుడు అంకెలు వస్తాయి, కానీ అవి మీరు గుంపులు కట్టిన తీరు నుంచి పుట్టినవి. గుంపుల హద్దులు రెండేళ్లు జరిపి మళ్లీ నడపండి. జవాబు తలకిందులైతే దాన్ని నమ్మకూడదు.

అదే మనుషుల్ని ఏళ్ల తరబడి కలిసే ప్యానెల్ సర్వే ఈ ముడిని విప్పుతుందని అనుకుంటారు. విప్పదు. ఒకే ఏడాది పుట్టినవాళ్లకు వయసు ఒకటి పెరిగినప్పుడల్లా క్యాలెండర్ కూడా ఒకటి పెరుగుతుంది, ఆ రెండూ విడిపోవు. ఎవరు మారారో ప్యానెల్ చెబుతుంది, అది గొప్ప లాభమే. ఎందుకు మారారో మాత్రం చెప్పదు. దాన్ని తేల్చాలంటే మూడింటిలో కనీసం ఒకదాని వాలు గురించి బయటి నుంచి ఏదో తెలియాలి, దాన్ని పైకి చెప్పి ఒప్పించాలి. పాతికేళ్ల మనిషికి పదిహేనేళ్ల ఉద్యోగం ఉండదన్నది అలాంటిదే. బయటి ఆధారం లేకుండా డేటా తానుగా చెప్పగలిగేది వంపులు మాత్రమే: మాంద్యం గుట్టలాంటివి. తిన్నని గీతలా సాగే వాలుల్ని మూడింటికీ పంచి ఇవ్వలేదు.

ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల నేనొకసారి తప్పు నివేదిక రాశాను. ఒక ఏడాది ప్రశ్న మాటలు కొద్దిగా మారాయి, అన్ని వయసుల్లోనూ జవాబులు ఒకేసారి జరిగాయి. మేం దాన్ని కాల ప్రభావం అని రాసేశాం. పాత ప్రశ్నాపత్రం పక్కన పెట్టి చూసిన సహోద్యోగి వల్ల అది బయటపడింది. ఇంటికెళ్లి అడగడం మాని ఆన్‌లైన్‌లో అడిగినా ఇదే జరుగుతుంది. అందుకే ఏ వరసలోనైనా ఒక మెట్టు కనిపిస్తే ముందు ప్రశ్నాపత్రం తెరవండి.

రెండు వారాల్లో కొత్త పుస్తకాలు మొదలుపెట్టకండి. అమెరికాలో 1972 నుంచి జరుగుతున్న జనరల్ సోషల్ సర్వే డేటా ఉచితంగా దొరుకుతుంది. మొదటి నుంచీ ఒకేలా అడిగిన ప్రశ్నను ఒకటి ఎంచుకుని మూడు గ్రాఫులు గీయండి: ఒక్క ఏడాదిలో వయసులవారీగా, ఒకే వయసువాళ్లు ఏడాదుల వారీగా, ఒకే దశకంలో పుట్టినవాళ్లు ఏడాదుల వారీగా. ఒక్కో గ్రాఫ్ కింద, అది ఏ రెండు ప్రభావాల్ని విడదీయలేదో ఒక వాక్యం రాయండి. మొదటి దాంట్లో వయసూ తరమూ, రెండో దాంట్లో తరమూ కాలమూ, మూడో దాంట్లో వయసూ కాలమూ కలిసిపోతాయి. ఆ మూడు కాగితాలూ ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి.