నొప్పి వచ్చే వేళను బట్టి కడుపు పుండును తేల్చవచ్చా?

ప్రశ్న: నా వయసు 36. కొన్ని నెలలుగా పైకడుపులో మంట, కొంచెం తినగానే కడుపు నిండినట్టు ఉంటోంది. ఇది అల్సరా, ఫంక్షనల్ డిస్పెప్సియానా? ఎండోస్కోపీ తప్పదా?

జవాబు: నేను వైద్యుణ్ణి కాను, చెన్నైలో మా ఇంట్లో ఇద్దరి విషయంలో చూసినది, వైద్యులను అడిగి తెలుసుకున్నది చెబుతాను. నాకు అర్ధరాత్రి దాటాక మంటతో మెలకువ వచ్చేది, రెండు బిస్కెట్లు తింటే తగ్గేది. ఖాళీ కడుపుతో మొదలై తింటే శాంతించే నొప్పి డుయోడినల్ అల్సర్‌దని, అంటే చిన్నపేగు మొదట్లో వచ్చే పుండుదని అంటారు. అయినా ఎండోస్కోపీలో పుండు కనబడలేదు, పుళ్ళకు కారణమయ్యే హెలికోబ్యాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా కూడా లేదు. చివరికి అది ఫంక్షనల్ డిస్పెప్సియా, అంటే పరీక్షల్లో ఏ కారణమూ కనబడని అజీర్ణ బాధ అని తేలింది. మోకాళ్ళ నొప్పులకు డైక్లోఫెనాక్ వాడుతున్న మా మేనమామకు మాత్రం కడుపులో నొప్పే లేదు. మలం తారులా నల్లగా, జిగటగా వచ్చాక పరీక్ష చేస్తే జీర్ణాశయంలో రక్తం కారుతున్న పుండు బయటపడింది. ఆ మాత్రలు కడుపు లోపలి పొరకు ఉండే రక్షణను తగ్గిస్తూనే, నొప్పిని కూడా కప్పిపెట్టగలవు.

కాబట్టి కొంచెం తినగానే నిండినట్టుండటం ఫంక్షనల్ డిస్పెప్సియాలో తరచుగా కనిపించేదే అయినా, అది ఒక్కటే పుండు లేదని చెప్పదు. నిర్ణయం వయసు, వాడుతున్న మందులు, ప్రమాద సూచనల మీద ఆధారపడుతుంది. నల్లటి మలం, రక్తపు వాంతి, కారణం తెలియకుండా బరువు తగ్గడం, ముద్ద గొంతు దిగకపోవడం, ఆగని వాంతులు, ఐరన్ లోపంతో రక్తహీనత: వీటిలో ఏది ఉన్నా ఏ వయసులోనైనా ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవాలి, అప్పుడు ఎండోస్కోపీ సాధారణంగా అవసరమవుతుంది. రక్తం పడితే నేరుగా ఎమర్జెన్సీకే వెళ్ళాలి. (ఐరన్ మాత్రలు వేసుకునేవారికి కూడా మలం నల్లబడుతుంది, ఆ మాట వైద్యుడికి ముందే చెప్పాలి.) ఇవేవీ లేకపోయినా 60 దాటినవారికి ఎండోస్కోపీ చేయాలని 2017 నాటి అమెరికా, కెనడా మార్గదర్శకాలు సూచించాయి, మన దగ్గర చాలామంది వైద్యులు అంతకంటే తక్కువ వయసులోనే చేయిస్తారు, ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చి ఉంటే మరీను.

మీకు ఆ సూచనలు లేకపోతే, నొప్పి మాత్రలు కూడా వాడకపోతే, మొదట యూరియా బ్రెత్ టెస్ట్ గాని, మలంలో పైలోరీ యాంటిజెన్ పరీక్ష గాని చేయమని వైద్యుణ్ణి అడగండి. కడుపులో యాసిడ్‌ను తగ్గించే పాంటోప్రజోల్ వంటి మాత్రలను ఆ పరీక్షకు 2 వారాల ముందు, యాంటీబయాటిక్స్‌ను 4 వారాల ముందు ఆపి ఉండాలి, లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు రావచ్చు. రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఎప్పుడో తగ్గిపోయిన ఇన్‌ఫెక్షన్‌ను కూడా చూపిస్తుంది గనుక దానికి డబ్బు పెట్టకపోవడమే మేలు. బ్యాక్టీరియా ఉంటే సాధారణంగా 14 రోజుల మందులు ఇస్తారు, అది పూర్తయి కనీసం 4 వారాలు గడిచాక మళ్ళీ పరీక్షించి పోయిందని నిర్ధారించుకోవాలి. మొదటి పరీక్షలోనే బ్యాక్టీరియా లేదని తేలితే పాంటోప్రజోల్ వంటి మాత్ర రోజుకొకటి, ఉదయం టిఫిన్‌కు అరగంట ముందు, 4 నుంచి 8 వారాలు వాడి చూడమంటారు. దానితోనూ బాధ తగ్గకపోతే ఎండోస్కోపీ గురించి అప్పుడు వైద్యుడితో మాట్లాడటం సబబు.