ఫార్వర్డా, ఆప్షనా?

ప్రశ్న: మూడు నెలల తర్వాత డాలర్లు రావాల్సిన ఎగుమతిదారు ఫార్వర్డ్ తీసుకోవాలా, ఆప్షన్ కొనాలా?

డబ్బు వస్తుందన్న నమ్మకం ఎంత ఉందన్నదాన్ని బట్టి. భీమవరం రొయ్యల ఎగుమతిదారుకు అమెరికా నుంచి లక్ష డాలర్లు రావాలనుకుందాం. బ్యాంకు ఫార్వర్డ్ ఇచ్చింది, అంటే మూడు నెలల తర్వాత ఆ డాలర్లను 84.50 రూపాయల చొప్పున కొంటానని ఇప్పుడే ఒప్పందం చేసుకుంది. గడువు నాటికి డాలర్ 82కు పడినా ఆయనకు 84.50 లక్షలు ఖాయం. 87కు పెరిగినా అంతే.

చిక్కెక్కడంటే, సరుకు వెనక్కొచ్చి డాలర్లు రాకపోయినా ఒప్పందం మాఫీ కాదు. అప్పుడు డాలర్ 87లో ఉంటే తేడా రెండున్నర లక్షలు బ్యాంకుకు కట్టాల్సిందే.

పుట్ ఆప్షన్‌లో అమ్మే హక్కే తప్ప బాధ్యత ఉండదు. ఆ హక్కు కోసం ముందే కట్టే ప్రీమియం డాలర్‌కు రూపాయి అనుకుంటే, పోతే ఆ లక్షే పోతుంది. ఆర్డరు పక్కా అయితే మాత్రం నేను ఫార్వర్డ్‌కే ఓటేస్తాను.